ఫోనులోని మాటకు కోర్టు అడిగే సర్టిఫికెట్: ఇరవై నాలుగేళ్ల కథ

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి వ్యాపారం చేసే నా పరిచయస్థుడు ఒకరు 2025లో దావా వేశారు. ఒక జిన్నింగ్ మిల్లుకు అరువు మీద పంపిన పత్తికి ఆయనకు రూ.6,40,000 రావాలి. ప్రోనోటు రాయించుకోలేదు. ఆయన దగ్గర ఉన్నదల్లా మిల్లు యజమాని పంపిన వాట్సాప్ సందేశాలు. సరుకు ముట్టిందనీ, లెక్క సరిపోయిందనీ, ఉగాది లోపల ఇచ్చేస్తాననీ వాటిలో స్పష్టంగా ఉంది. వాటిని ఫోటోలు తీయించి, జిరాక్స్ షాపులో పద్నాలుగు రంగుల కాగితాల మీద ప్రింటు చేయించి దావాకు జత చేశారు. విచారణలో వాటిని సాక్ష్యంగా గుర్తించమని అడిగినప్పుడు ప్రతివాది న్యాయవాది ఆ సందేశాలు అబద్ధమని అనలేదు. కొత్త సాక్ష్య చట్టంలోని 63వ సెక్షన్ కోరే సర్టిఫికెట్ ఎక్కడ ఉందని మాత్రం అడిగారు.

ఆ ప్రశ్న వెనుక చాలా చరిత్ర ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టం కాగితాల కాలంలో పుట్టింది. అసలు పత్రం కోర్టు ముందుకు రావాలి, రాలేకపోతే ఎందుకు రాలేదో చెప్పి నకలు చూపాలి అన్నది దాని పద్ధతి. కంప్యూటర్‌లోని సమాచారానికి అసలేదో నకలేదో తేల్చడం కష్టం. 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం ఒకవైపు డిజిటల్ సంతకానికి గుర్తింపు ఇచ్చింది, మరోవైపు సాక్ష్య చట్టంలో 65బి సెక్షన్‌ను చేర్చింది. కంప్యూటర్ నుంచి తీసిన ప్రింటును, సీడీని కోర్టు అంగీకరించాలంటే, ఆ కంప్యూటర్ బాధ్యత చూసే వ్యక్తి సర్టిఫికెట్ ఇవ్వాలని ఆ సెక్షన్ చెప్పింది. దీనికి నమూనా ఇంగ్లండ్‌లోని 1968 నాటి చట్టం. ఇంగ్లండ్ 1995లోనే ఆ ఏర్పాటును వదులుకుంది. వాళ్లు వదిలిన ఐదేళ్లకు మనం దాన్ని ఎత్తుకున్నాం. ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

మొదటి పద్నాలుగేళ్లు ఈ సర్టిఫికెట్‌ను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పార్లమెంటు మీద దాడి కేసులో ఫోన్ కాల్ వివరాలు సర్టిఫికెట్ లేకుండానే వచ్చాయి. 2005లో సుప్రీంకోర్టు వాటిని నకళ్లకు వర్తించే పాత సెక్షన్ల కింద అంగీకరించింది. కింది కోర్టులన్నీ అదే దారిన నడిచాయి.

2014 సెప్టెంబరు 18న ఆ దారి మూసుకుపోయింది. కేరళ శాసనసభ ఎన్నికపై వేసిన పిటిషన్‌లో ప్రచార పాటలు, ప్రసంగాలు ఉన్న సీడీలను సాక్ష్యంగా పెట్టారు, సర్టిఫికెట్ మాత్రం పెట్టలేదు. అన్వర్ కేసుగా పేరుపడిన ఆ తీర్పులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం సర్టిఫికెట్ తప్పనిసరి అని చెప్పి 2005 నాటి అభిప్రాయాన్ని పక్కన పెట్టింది. అప్పటికే నడుస్తున్న కేసుల్లో సర్టిఫికెట్ తీసుకోని వారందరికీ అది పిడుగుపాటే. సర్టిఫికెట్ ఇవ్వాల్సిన మనిషి అవతలి పక్షం వాడైతే ఏం చేయాలన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకలేదు. 2018లో ఇద్దరు న్యాయమూర్తులు, పరికరం తమ చేతిలో లేనివారికి సడలింపు ఇవ్వవచ్చన్నారు. రెండు తీర్పులు రెండు వైపులకు లాగాయి.

2020 జులై 14న వచ్చిన అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసు తీర్పు ఆ చిక్కును విడదీసింది. మహారాష్ట్రలోని జాల్నాలో, గడువు దాటాక నామినేషన్ తీసుకున్నారా లేదా అన్నది అక్కడి వివాదం. రిటర్నింగ్ అధికారి కార్యాలయంలోని కెమెరా దృశ్యాలు ఉన్నాయి, సర్టిఫికెట్ మాత్రం ఎన్నిసార్లు అడిగినా అధికారులు ఇవ్వలేదు. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2018 నాటి సడలింపును తప్పు పట్టింది, సర్టిఫికెట్ తప్పనిసరి అని మళ్లీ చెప్పింది. అయితే రెండు తలుపులు తెరిచి ఉంచింది. సమాచారం మొదట ఉన్న ఫోనునో ల్యాప్‌టాప్‌నో యజమాని స్వయంగా బోనెక్కి, అది తనదేనని, తానే వాడానని చెప్పి చూపితే సర్టిఫికెట్ అక్కర్లేదు. పరికరం వేరొకరిదైతే ముందు వారిని అడగాలి, ఇవ్వకపోతే కోర్టు ద్వారా తెప్పించమని దరఖాస్తు పెట్టుకోవాలి. చేయగలిగినదంతా చేసినా రాకపోతే, అసాధ్యమైనది చేయమని చట్టం ఎవరినీ బలవంతపెట్టదు.

2024 జులై 1 నుంచి పాత చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. 65బి పోయి 63 వచ్చింది. సర్టిఫికెట్‌కు ఇప్పుడు రెండు భాగాలు. మొదటిది పరికరం బాధ్యత చూసేవారు, రెండోది నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ ఫైలు హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఫైలులోని ప్రతి అక్షరాన్నీ లెక్కలోకి తీసుకుని తీసిన వేలిముద్ర లాంటి సంఖ్య. ఒక్క చుక్క మారినా అది పూర్తిగా మారిపోతుంది. డిజిటల్ సంతకాన్ని నిలబెట్టేదీ ఇదే లెక్క.

మన ఆదోని వ్యాపారి దగ్గరికి వస్తే, ఆయన చేసిన మొదటి పొరపాటు అప్పుడు బయటపడింది. లెక్కలు చూసేది కొడుకు, సందేశాలు వచ్చింది కొడుకు ఫోనుకు. కాబట్టి మొదటి భాగం మీద సంతకం పెట్టాల్సింది తండ్రి కాదు, కొడుకు. *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ సంఖ్యను, ఫోను మోడల్‌ను, రంగును, సీరియల్ నంబరును అందులో రాశారు. ఆ సంభాషణను వాట్సాప్‌లోని ఎక్స్‌పోర్ట్ సౌకర్యంతో ఒక ఫైలుగా తీసి విండోస్ కంప్యూటర్‌లో ఈ ఆదేశంతో దాని హాష్ లెక్కించారు.

```
certutil -hashfile chat.zip SHA256
```

వచ్చింది 64 అక్షరాల వరుస. ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. వారం తర్వాత అదే సంభాషణను మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే, మధ్యలో ఒక్క సందేశం చేరినా హాష్ వేరుగా వస్తుంది. అవతలి న్యాయవాదికి అది చాలు. అందుకే మొదటిసారి తీసిన ఫైలునే పెన్‌డ్రైవ్‌లో పెట్టి కోర్టుకు ఇవ్వాలి, దాన్ని తెరిచి మళ్లీ సేవ్ చేయకూడదు.

రెండో భాగం నింపే నిపుణుడు ఎవరో 63వ సెక్షన్ విడమరచి చెప్పలేదు. ఆరు లక్షల బాకీ కోసం జిల్లా కోర్టుల చుట్టూ తిరిగే మనిషికి అలాంటి నిపుణుణ్ని వెతికి పట్టుకోవడం మోయలేని భారమని నా గట్టి అభిప్రాయం. అందుకే న్యాయవాది ఇంకో దారి కూడా సిద్ధం చేశారు. కొడుకునే సాక్షిగా పిలిచి, ఫోను తెరిచి చూపించమని కోర్టును కోరారు. సర్టిఫికెట్ ఉన్నా, ఫోనే ముందున్నా, ఆ సందేశాన్ని కోర్టు చదవడానికి అనుమతి మాత్రమే లభిస్తుంది. ఆ నంబరు మిల్లు యజమానిదేనని విడిగా రుజువు చేయాలి. ఆ నంబరు నుంచి గతంలో వచ్చిన చెల్లింపుల బ్యాంకు వివరాలు అందుకు ఉపయోగపడ్డాయి.

లారీ బరువు చూపే వేబ్రిడ్జి కంప్యూటర్ మాత్రం మూడో మనిషిది. సర్టిఫికెట్ ఇమ్మని రిజిస్టర్డ్ పోస్టులో రాస్తే జవాబు రాలేదు. ఆ రసీదునూ లేఖ నకలునూ జతచేసి కోర్టులో దరఖాస్తు వేశారు, కోర్టు ఆ యజమానికి సమన్లు పంపింది. దావా ఇంకా నడుస్తోంది. కొడుకు కొత్త ఫోను కొనుక్కున్నాడు కానీ పాతదాన్ని ఎక్స్ఛేంజిలో ఇవ్వలేదు. దాన్ని ఒక కవరులో పెట్టి, ఛార్జరుతో సహా బీరువాలో దాచి, వారానికోసారి ఛార్జింగ్ పెడుతున్నాడు.