గార్సియా ఎక్కడికి పోయింది?

గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్‌ను మనం మార్క్వెజ్ అంటాం. అది ఆయన తల్లి వైపు ఇంటిపేరు. తండ్రి నుంచి వచ్చింది గార్సియా. స్పానిష్ గ్రంథాలయంలో ఆయన పుస్తకాల కోసం ‘గా’ దగ్గర వెతకాలి. స్పెయిన్ కవి లోర్కా సంగతి కొంచెం వేరు. గార్సియాలు మరీ ఎక్కువ కాబట్టి స్పెయిన్ వాళ్లే ఆయన్ను రెండో ఇంటిపేరుతో పిలుచుకుంటారు. అయినా సూచికలో ఆయనా గార్సియా లోర్కాయే.

స్పెయిన్‌లో రెండు ఇంటిపేర్లు పెట్టుకోవడం మొదట కాస్తీల్ ప్రాంతపు ఉన్నత కుటుంబాల అలవాటు. 1870 నాటి పౌర నమోదు చట్టం, 1889 నాటి పౌరస్మృతి దాన్ని అందరికీ స్థిరపరిచాయి. ముందు తండ్రి మొదటి ఇంటిపేరు, తర్వాత తల్లి మొదటి ఇంటిపేరు. పెళ్లయినా స్త్రీ పేరు మారదు. తల్లి పేరును ముందు పెట్టుకునే వీలు 1999లో వచ్చింది. తండ్రి పేరుకే ముందు చోటు అన్న నియమం 2017లో పూర్తిగా పోయింది.

అమెరికా ఫారంలో మాత్రం ‘ఫస్ట్, మిడిల్, లాస్ట్’ అని మూడు గళ్లుంటాయి, చివరి మాటే ఇంటిపేరన్న నమ్మకంతో. ఊహకు ఒక కుటుంబాన్ని తీసుకుందాం. తండ్రి గార్సియా రూయిజ్, తల్లి లోపెజ్ వేగా, కూతురు మరియా కార్మెన్ గార్సియా లోపెజ్. గుమస్తా చివరి మాటను పట్టుకుంటే తండ్రి రూయిజ్, తల్లి వేగా, కూతురు లోపెజ్ అవుతారు. తండ్రీ కూతుళ్లను కలిపే గార్సియా మిడిల్ గడిలో పడి, చాలా చోట్ల ‘G’ అనే పొడి అక్షరంగా మిగులుతుంది. ఇంటిపేరు ముందు రాసుకుని, అమెరికా వెళ్లాక సొంత పేరే ‘లాస్ట్ నేమ్’ అయిపోయిన తెలుగువారికి ఈ తికమక కొత్త కాదు.

విచిత్రమేమిటంటే, జవాబు పాస్‌పోర్టులోనే ఉంది. ఫొటో పేజీ అడుగున యంత్రం చదివే మొదటి వరుస ఇలా ఉంటుంది:

```
P<ESPGARCIA<LOPEZ<<MARIA<CARMEN<<<<<<<<<<<<<
```

స్పెయిన్‌ను సూచించే ESP తర్వాత జంట గుర్తు << వచ్చేదాకా ఉన్నదంతా ఇంటిపేరే. ఒంటి గుర్తు < కేవలం ఖాళీకి బదులు. కాబట్టి లాస్ట్ గడిలో Garcia Lopez, ఫస్ట్ గడిలో Maria Carmen రాసి, మిడిల్ గడి ఖాళీగా వదిలేయాలి. మధ్యలో అడ్డగీత పెట్టమని కొందరు సలహా ఇస్తారు. రెండూ విడిపోకుండా అది ఆపుతుంది, నిజమే. కానీ పాస్‌పోర్టులో ఆ గీత లేకపోతే రెండు రికార్డులు సరిపోలక మరో పేచీ మొదలవుతుంది. ఖాళీని ఒప్పుకోని కంప్యూటర్లు GARCIALOPEZ అని అతికిస్తాయి. అక్కడ చేయగలిగింది తక్కువ, ఆ రూపాన్ని రాసిపెట్టుకుని తర్వాత అదే వాడడం తప్ప.

ఫారం తయారుచేసేవారికైతే పని ఇంకా సులువు. ‘ఇచ్చిన పేర్లు’, ‘ఇంటిపేర్లు’ అని రెండే గళ్లు పెట్టాలి. పూర్తి పేరును ఒకే గడిలో తీసుకుని, ఖాళీ కనిపించిన చోటల్లా ప్రోగ్రాముతో కోయించకూడదు. వెతికేటప్పుడు గార్సియా అని కొట్టినా లోపెజ్ అని కొట్టినా ఆ మనిషే దొరకాలి.

తప్పు జరిగిందో లేదో మొదటి రోజే తెలిసిపోతుంది. చేతికిచ్చిన గుర్తింపు కార్డు మీద ‘Lopez, Maria G.’ అని ఉంటే, కిటికీ దగ్గరి నుంచి కదలకముందే దిద్దించుకోవాలి. జీతం, బీమా, పన్ను కాగితాలన్నీ ఆ కార్డు చూసే తయారవుతాయి.