మూడు పక్కన మూడు

సంగీతం నేర్చుకుంటున్న ఒక పాఠకుడి ప్రశ్న ఇది: "మేజర్ స్కేల్లో స మీద, మ మీద, ప మీద కట్టే కార్డులు మూడూ మేజరే కదా. మరి నాలుగో స్వరం చేర్చగానే స, మ మీదవి మేజర్ సెవెన్ అవుతున్నాయి, ప మీదది మాత్రం వట్టి సెవెన్ అవుతోంది. దానికేమైనా వేరే నియమం ఉందా?"

వేరే నియమం లేదు. కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాల గుంపు. ఏడు స్వరాల మీదా దాన్ని కట్టే పద్ధతి ఒక్కటే. ఒక స్వరం తీసుకోవాలి, పక్కదాన్ని వదిలి ఆ తర్వాతది తీసుకోవాలి, మళ్లీ ఒకటి వదిలి ఇంకొకటి. మూడు స్వరాలైతే ట్రయాడ్. అలాగే ఇంకొక్క అడుగు వేస్తే సెవెంత్ కార్డ్. తేడా మన పద్ధతిలోంచి రావడం లేదు, స్కేల్ నిర్మాణంలోంచే వస్తోంది.

కీబోర్డు మీద నల్లవీ తెల్లవీ కలిపి ఒక మీట నుంచి పక్క మీటకు జరిగితే ఒక సెమీటోన్. దాన్ని మెట్టు అందాం. మేజర్ స్కేల్లో గ నుంచి మ కి ఒక్క మెట్టు, ని నుంచి పై స కి ఒక్క మెట్టు. మిగతా పక్కపక్క స్వరాల మధ్య రెండేసి మెట్లు. ఒక స్వరాన్ని వదిలి గెంతినప్పుడు ఆ ఒంటి మెట్టు దారిలో తగిలితే గెంతు 3 మెట్లు, తగలకపోతే 4. ఈ రెండు కొలతలు తప్ప మరొకటి రాదు.

ఇప్పుడు స దగ్గర మొదలుపెట్టి, ఆగకుండా ఒకటి వదిలి ఒకటి గెంతుతూ పోదాం. స, గ, ప, ని, రి, మ, ద, మళ్లీ స. ఏడు స్వరాలూ ఒక్కొక్కసారి పలికి, దండలా చుట్టుకుని మొదటికే వచ్చాం. మధ్యలోని గెంతులు వరసగా ఇవి: 4, 3, 4, 3, 3, 4, 3. నాకు మొత్తం పాశ్చాత్య సంగీత శాస్త్రంలో అన్నిటికంటే ఇష్టమైన వరస ఇదే. మేజర్, మైనర్, మైనర్, మేజర్, మేజర్, మైనర్, డిమినిష్డ్ అంటూ విద్యార్థుల చేత ఎక్కాల్లా బట్టీ పట్టిస్తారు. ఆ పట్టిక బదులు ఈ దండ చేతికిస్తే పట్టిక వాళ్లే రాసుకుంటారు.

ఎలాగంటే, దండలో ఎక్కడైనా వరసగా రెండు గెంతులు పట్టుకుంటే ఒక ట్రయాడ్. 4, 3 అయితే మేజర్: స, ప, మ దగ్గర మొదలయ్యేవి. 3, 4 అయితే మైనర్: గ, రి, ద దగ్గరవి. ని దగ్గర మాత్రం 3, 3 వస్తుంది. అదే డిమినిష్డ్.

ఈ రెండు మూళ్లు పక్కపక్కన ఎందుకు పడ్డాయి? దండ చుట్టూ తిరిగేసరికి రెండు ఆక్టేవ్‌లు, అంటే 24 మెట్లు ఎక్కుతాం. ఏడు గెంతులూ మూడేసి అయితే 21 మాత్రమే. మిగిలిన మూడు మెట్లూ మూడు గెంతులకు ఒక్కొక్కటి చేరాలి. కాబట్టి మూడు నాలుగులు, నాలుగు మూళ్లు. రెండు నాలుగులు పక్కపక్కన రాలేవు. వస్తే స్కేల్లో వరసగా నాలుగు చోట్ల రెండేసి మెట్లు ఉండాలి, కాని మ నుంచి ని దాకా అలాంటివి మూడే ఉన్నాయి. అంటే మూడు నాలుగుల మధ్య ఉన్న మూడు సందుల్లో నాలుగు మూళ్లు సర్దుకోవాలి. ఏదో ఒక సందులో రెండు పడక తప్పదు. ఆ సందే ని–రి–మ.

ఇప్పుడు పాఠకుడి ప్రశ్నకు వద్దాం. సెవెంత్ కార్డ్ అంటే దండలో వరసగా మూడు గెంతులు. స దగ్గర 4, 3, 4. మ దగ్గర కూడా 4, 3, 4. అవి మేజర్ సెవెన్. రి, గ, ద దగ్గర 3, 4, 3, అవి మైనర్ సెవెన్. ప దగ్గర 4, 3 దాకా స లాగే నడిచి, మూడో గెంతు ఆ ఇరుకు సందులోకి దిగుతుంది: 4, 3, 3. అందుకే పై స్వరం ఒక మెట్టు కిందికి వచ్చింది. దీన్నే డామినెంట్ సెవెన్ అంటారు. ని దగ్గర 3, 3, 4, అది హాఫ్ డిమినిష్డ్. మూడు మూళ్లు వరసగా ఎక్కడా లేవు కాబట్టి పూర్తి డిమినిష్డ్ సెవెన్ మేజర్ స్కేల్లో పుట్టదు.

ఆ ఇరుకు సందు రెండు కొసలు ని, మ. వాటి మధ్య దూరం 6 మెట్లు, సరిగ్గా సగం ఆక్టేవ్. దీన్ని ట్రైటోన్ అంటారు. మధ్యయుగాల్లో చర్చి దీన్ని దెయ్యపు స్వరమని నిషేధించిందని ఇప్పటికీ చెబుతుంటారు. అలాంటి నిషేధానికి ఆధారాల్లేవు. అప్పటివాళ్లు దాన్ని పాడటానికి ఇబ్బందిగా ఉంటుందని తప్పించారంతే. దెయ్యం పేరు రాతల్లో గట్టిగా కనిపించేది 18వ శతాబ్దం ఆరంభంలో. ఆ దూరంలో భయపడాల్సిందేమీ లేదు. ని ఒక మెట్టు ఎక్కి స లో కూర్చుంటుంది, మ ఒక మెట్టు దిగి గ లో కూర్చుంటుంది. ప సెవెన్ తర్వాత స కార్డ్ వినగానే పాట ఇల్లు చేరినట్టు అనిపించడానికి ప్రధాన కారణం ఈ రెండు చిన్న కదలికలే.

ఇంకో సంగతి. పాశ్చాత్య పద్ధతిలో తెల్ల మీటల పేర్లు ఏ నుంచి జి దాకా ఏడు అక్షరాలు. ఏ మీటను స అనుకుంటే స్కేల్‌కు ఆ మీట పేరే. సి మేజర్ ట్రయాడ్ ఒక్కటే వినిపిస్తే ఏ స్కేల్లో ఉన్నామో చెప్పలేం. అది సి, ఎఫ్, జి మూడు మేజర్ స్కేళ్లలోనూ ఉంది. సి సెవెన్ వినిపిస్తే మాత్రం, మేజర్ స్కేళ్లలో అది ఒక్క ఎఫ్‌లోనే దొరుకుతుంది, ఎందుకంటే 4, 3, 3 దండకు ఒక్కసారే వస్తుంది.

డి మేజర్‌లో చేసి చూద్దాం. ముందు అక్షరాలు ఒకటి వదిలి ఒకటి రాయాలి: డి, ఎఫ్, ఏ, సి, ఈ, జి, బి. తర్వాతే స్వరాన్ని ఒక మెట్టు పెంచే గుర్తులు, అంటే ఈ స్కేల్ షార్పులు రెండూ పెట్టాలి, ఎఫ్ కి, సి కి. ఈ క్రమం తప్పి ఎఫ్ షార్ప్‌ను జి ఫ్లాట్ అని, అంటే ఒక మెట్టు దించిన జి అని రాస్తే మోగేది అదే మీట, కాని అక్షరాల వరస చెడి కార్డ్ పోలిక పోతుంది. సరిగ్గా రాస్తే ప స్థానంలో ఏ, సి షార్ప్, ఈ, జి. కొలిస్తే 4, 3, 3. ఏ సెవెన్ వచ్చింది.

సి కి షార్ప్ పెట్టడం మరిచిపోతే? దండ 4, 3, 3, 4, 3, 4, 3 అవుతుంది. కూడితే ఇప్పుడూ 24, కాబట్టి మొత్తం చూసి తప్పు పట్టలేం. పక్కపక్క మూళ్లు ఎక్కడున్నాయో చూడాలి. అవి సి షార్ప్ దగ్గర మొదలవ్వాల్సింది పోయి ఎఫ్ షార్ప్ దగ్గర మొదలయ్యాయి. ఆ సందు మొదలయ్యే స్వరమే ఎప్పుడూ ని. ఎఫ్ షార్ప్ ని అయితే స జి అవుతుంది. అంటే ఒక్క షార్ప్ జారిపోయేసరికి స్కేలే జి మేజర్‌గా మారిపోయింది. ఏ సెవెన్ కాస్తా 3, 4, 3తో ఏ మైనర్ సెవెన్ అయింది, డి మేజర్ సెవెన్ డి సెవెన్ అయింది. డి మేజర్ పాటను మధ్యలో జి లోకి మళ్లించాలనుకునే స్వరకర్త కావాలనే చేసేదీ ఇదే: సి కి షార్ప్ తీసేసి డి సెవెన్ మోగిస్తాడు, వెంటనే జి కార్డ్ మీద దిగుతాడు.