అందానికీ అపశకునానికీ మధ్య ఒక్క శ్రుతి

బ్యాంకాక్‌లో హోటల్ పని చేసుకుంటున్న ఒక గుంటూరు అబ్బాయి నాకు మెయిల్ రాశాడు. పక్క కొట్లో ఉండే థాయ్ అమ్మాయికి ఒక మంచి మాట చెప్పాలని వారం రోజులు ప్రాక్టీస్ చేశాడట. మాట చిన్నదే: "ఖున్ సువయ్". ఖున్ అంటే మీరు, సువయ్ అంటే అందం. మీరు అందంగా ఉన్నారు అని చెప్పడానికి థాయ్‌లో ఈ రెండు మాటలు చాలు. అతను చెప్పాడు. ఆ అమ్మాయి మొహం మాడిపోయింది. పక్కనున్న ముసలావిడ గబగబా ఏదో గొణుక్కుంది. "అక్షరం అక్షరం సరిగ్గానే పలికాను సార్, మరి తప్పెక్కడ?" అని అడిగాడు.

అతను పలికిన అక్షరాల్లో తప్పేమీ లేదు. తప్పు శ్రుతిలో ఉంది. థాయ్‌లో "సువయ్" అనే శబ్దానికి, శ్రుతి కింద మొదలై పైకి లేస్తే అందం అని అర్థం. అదే శబ్దాన్ని మధ్యస్థాయిలో సాఫీగా అంటే దురదృష్టం, దరిద్రం పట్టడం, మనం శని పట్టింది అంటామే అది. అంటే ఆ అబ్బాయి ఆమె ఎదురుగా నిలబడి, నవ్వు మొహంతో, "మీకు శని పట్టింది" అని చెప్పి వచ్చాడు. థాయ్‌లాండ్‌లో ఈ మాటను తేలిగ్గా తీసుకోరు. గ్రహదోషం పోగొట్టుకోవడానికి గుడికి వెళ్లి జరిపించుకునే తంతును అక్కడ "సదో ఖ్రో" అంటారు. అందులో "ఖ్రో" మన సంస్కృత "గ్రహ" శబ్దమే. మనవాళ్లు గ్రహశాంతి చేయించుకున్నట్టే. ఆ ముసలావిడ గొణుక్కున్నది అపశకునం తగలకుండా అనుకున్న మాట అయినా ఆశ్చర్యం లేదు.

మామూలుగా థాయ్ శ్రుతుల గురించి రాసేవాళ్లు "మా" అనే ఉదాహరణ ఇస్తారు. ఒక శ్రుతిలో రావడం, ఇంకో శ్రుతిలో గుర్రం, ఇంకో శ్రుతిలో కుక్క. చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ, నా దృష్టిలో అది అంత ప్రమాదకరమైన ఉదాహరణ కాదు. "ఇక్కడికి రా" అనే చోట "ఇక్కడికి కుక్క" అని పలికినా వినేవాళ్లు సర్దుకుంటారు. క్రియ ఉండాల్సిన చోట జంతువు పేరు ఇమడదు కదా. "నేను నిన్ను ప్రేమిస్తున్నాను" అనే "ఫొమ్ రక్ ఖున్" కూడా అంతే. "రక్" శ్రుతి కాస్త చెడినా దాని పక్కన పోటీకి వచ్చే మాట లేదు కాబట్టి అర్థమవుతుంది. అసలు చిక్కు రెండు మాటలూ ఒకే చోట ఇమిడినప్పుడు వస్తుంది. అందం, దురదృష్టం రెండూ మనిషి గురించి చెప్పే మాటలే, రెండూ "మీరు" తర్వాత చక్కగా కూర్చుంటాయి. వాక్యం చెడదు, అర్థం ఒక్కటే తలకిందులవుతుంది.

ఇంకో జంట ఇంతకంటే బాధపెట్టేది. "క్లై" అంటే, పైనుంచి కిందికి దిగే శ్రుతిలో దగ్గర. మధ్యస్థాయిలో దూరం. "మీ దగ్గరే ఉండాలని ఉంది" అని చెప్పడానికి "యాక్ యూ క్లై ఖున్" అంటారు. ఆ మూడో మాట శ్రుతి దిగకుండా సాఫీగా సాగిపోతే "మీకు దూరంగా ఉండాలని ఉంది" అవుతుంది.

థాయ్‌లో ఇలాంటి శ్రుతులు ఐదు: మధ్య, కింది, దిగే, పై, లేచే శ్రుతి. వీటిని టోన్లు అంటారు. మన తెలుగులో టోన్లు లేవని భాషాశాస్త్రం చెబుతుంది, అది నిజమే. కానీ తెలుగువాడి గొంతుకి ఇవి కొత్త కావు. ఒక్క "ఆఁ" ని గమనించండి.

వంటింట్లోంచి అమ్మ పిలుస్తుంది. మనకు సరిగ్గా వినపడలేదు. "ఆఁ?" అంటాం. గొంతు కింద మొదలై పైకి లేస్తుంది. అమ్మ మళ్లీ చెబుతుంది, "పాలు పొంగుతున్నాయేమో చూడు" అని. "ఆఁ", గొంతు పైన మొదలై కిందికి దిగుతుంది. అర్థమైంది, చూస్తాను అని. ఇక ఫోన్లో ఎవరో పెద్దాయన అరగంట కథ చెబుతుంటే మధ్య మధ్యలో "ఆఁ... ఆఁ..." అంటాం, లేవకుండా దిగకుండా. వింటున్నాను, చెప్పండి అని. ఇదిగో, లేచే శ్రుతి, దిగే శ్రుతి, మధ్య శ్రుతి. మూడూ చిన్నప్పటి నుంచీ మన గొంతులోనే ఉన్నాయి. ఆ వినపడని "ఆఁ?" రాగం మీద "సువయ్" పెడితే అందం. కథ వింటున్న "ఆఁ" రాగం మీద పెడితే శని. అర్థమైన "ఆఁ" రాగం మీద "క్లై" పెడితే దగ్గర.

తేడా ఒక్కటే. మనకు ఆ రాగం ప్రశ్నదో ఒప్పుకోలుదో, మాట మీద పైనుంచి కప్పే దుప్పటి లాంటిది. ఏ మాట మీదైనా కప్పవచ్చు. "అవునా?", "నిజమా?", "వచ్చాడా?", అన్నిటికీ అదే దుప్పటి. థాయ్‌లో ఆ రాగం మాట ఒంట్లోనే ఉంటుంది. తీసేస్తే అది వేరే మాట.

అందుకే తెలుగువాడి తప్పు ఎక్కడ జరుగుతుందో ముందే చెప్పవచ్చు. మనం మామూలు వాక్యాన్ని ముగించేటప్పుడు గొంతు దించుతాం. "మీరు అందంగా ఉన్నారు" అని ఒకసారి పైకి అని చూడండి, "న్నారు" దగ్గర గొంతు దిగిపోతుంది. అదే అలవాటు "ఖున్ సువయ్" కి పట్టుకెళితే, లేవాల్సిన "సువయ్" వాక్యం చివర ఉంది కాబట్టి దిగిపోతుంది, లేదా చదునవుతుంది. ఆ అబ్బాయికి జరిగింది ఇదే. ఇక టెన్షన్‌లో గొంతు మొదట్నుంచే పైన ఉంటుంది. అక్కడినుంచి ఇంకా లేపితే "పై శ్రుతి"లా వినిపిస్తుంది. లేచే శ్రుతికి ప్రాణం చివరి ఎత్తులో కంటే మొదటి పల్లంలో ఉంది. ముందు కిందికి దిగాలి, మాట సగం దాటాక లేవాలి. గట్టిగా అరిస్తే సరిపోతుందనుకోవడం ఇంకో పొరపాటు. గట్టితనం గాలి ఒత్తిడికి సంబంధించింది, శ్రుతి స్వరతంతువుల బిగువుకి సంబంధించింది.

ఎంత లేవాలి? స్వరతంతువులు సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తే అన్ని హెర్ట్జ్. ఒక మగ గొంతు 100 హెర్ట్జ్ దగ్గర మొదలై 133కి లేచిందనుకుందాం. ఒక ఆడ గొంతు 180 దగ్గర మొదలై 240కి లేచిందనుకుందాం. సంఖ్యలు వేరు, కానీ రెండింటిలోనూ నిష్పత్తి ఒక్కటే, 3కి 4. సంగీతం తెలిసినవాళ్లు గుర్తుపట్టే ఉంటారు, అది షడ్జం నుంచి శుద్ధ మధ్యమానికి ఉన్న దూరం. ఏ శ్రుతిలో పాడినా స-మ దూరం మారనట్టే, ఎవరి గొంతులోనైనా టోన్ ఆ మనిషి మామూలు స్థాయితో పోల్చి వినిపిస్తుంది. థాయ్ పిల్లవాడు వాళ్ల నాన్న బొంగురు గొంతులోనూ అమ్మ సన్నని గొంతులోనూ ఒకే మాటను వినేది ఇలాగే. మన బడి పుస్తకాల్లో ఫ్రీక్వెన్సీ పాఠానికి శ్రుతిదండం బొమ్మ వేస్తారు. పిల్లవాడి గొంతు మీద వాడి వేలే పెట్టించి "ఆఁ?", "ఆఁ" అనిపిస్తే ఆ పాఠం జన్మలో మరిచిపోడని నా నమ్మకం.

వేలు గొంతు మీద పెట్టినప్పుడే ఇంకొకటి చూడండి. "ఖ" అనండి, తర్వాత "గ" అనండి. "గ" మొదట్లోనే గొంతు అదురుతుంది. నోరు మూసి ఉండగా ఆ అదురు సాగాలంటే గాలి పోవడానికి చోటు కావాలి. అందుకు స్వరపేటిక కాస్త కిందికి జారుతుంది, తంతువులు కాస్త వదులవుతాయి. ఫలితంగా "గా" లో అచ్చు "ఖా" లో కంటే కొంచెం తక్కువ శ్రుతిలో మొదలవుతుంది. మనం ఎప్పుడూ పట్టించుకోని తేడా ఇది, ఎందుకంటే మనకు "గ" నే వినపడుతుంది.

థాయ్‌లో ఒకప్పుడు ఆ "గ" ఉండేది. కొన్ని శతాబ్దాల కిందట అది "ఖ" లో కలిసిపోయింది. రెండు మాటలు ఒకేలా అయిపోవాలి కదా? కాలేదు. అంతవరకు తోకలా వచ్చిన ఆ చిన్న శ్రుతి తేడాయే ముందుకొచ్చి రెండిటినీ విడిగా నిలబెట్టింది. ఆ తర్వాత శ్రుతుల ఆకారాలు చాలా మారాయి గానీ విభజన నిలిచింది. ఈనాడు పాత "ఖా" లేచే శ్రుతిలో కాలు, పాత "గా" మధ్య శ్రుతిలో ఇరుక్కుపోవడం. పలకడం రెండూ "ఖా" నే. హల్లు పోయి స్వరం మిగిలింది.

దీనికి సాక్ష్యం థాయ్ అక్షరమాలలో ఉంది. పల్లవ లిపి నుంచి ఖ్మేర్ లిపి, దాన్నుంచి థాయ్ లిపి వచ్చాయి కాబట్టి వాళ్ల వర్ణమాల కూడా క ఖ గ ఘ ఙ వరసలోనే ఉంటుంది. "గ" స్థానంలోని అక్షరాన్ని ఈనాడు "ఖ" అనే చదువుతారు, కానీ దాన్ని తీసేయలేదు. ఏ అక్షరంతో రాశారో చూసి శ్రుతి చెబుతారు. మన స, శ, ష మూడూ అక్కడున్నాయి, మూడింటినీ "స" అనే పలుకుతారు, మూడూ లేచే శ్రుతిని ఇచ్చే జట్టులోవే. జ స్థానంలోని అక్షరానికి చిన్న గాటు పెట్టి చేసిన ఇంకో "స" ఉంది, అది మధ్య శ్రుతి జట్టు. అందం అనే సువయ్‌ని మొదటి రకం "స" తో రాస్తారు. దురదృష్టం అనే సువయ్ చైనా నుంచి వలసొచ్చిన తియోచ్యూ వాళ్ల మాట. దానికి మధ్య శ్రుతి కావాలి కాబట్టి గాటు పెట్టిన "స" తో రాస్తారు. చదవడం వచ్చిన థాయ్ పిల్లలకు ఈ రెండూ మొదటి అక్షరం దగ్గరే విడిపోతాయి. రోమన్ అక్షరాల్లో suay అని రాసుకుని నేర్చుకున్నవాడికి ఆ ఆధారం దొరకదు. ఆ అబ్బాయి ఫోన్లో చూసి నేర్చుకున్నది అలాగే.

అతనికి రెండు పనులు చెప్పాను. ఒకటి, కంప్యూటర్లో Praat అనే ఉచిత ప్రోగ్రాం పెట్టుకుని, ఒక థాయ్ మనిషి పలికిన మాటనీ తన మాటనీ రికార్డు చేసి శ్రుతి గీతలు పక్కపక్కన చూసుకోమన్నాను. చెవి మోసపోయినా గీత చూపిస్తుంది. అతను పంపిన మొదటి బొమ్మలో గీత బల్లలా చదునుగా ఉంది. నాలుగో రోజు బొమ్మలో గిన్నె అడుగులా దిగి లేచింది.

రెండోది, "సువయ్" ని వాక్యం చివర వదిలేయొద్దన్నాను. "ఖున్ సువయ్ మాక్" అనమన్నాను. "మాక్" అంటే చాలా, అది పుట్టుకతోనే దిగే శ్రుతి మాట. వాక్యం చివర గొంతు దించే తెలుగు అలవాటు దాని మీద పడితే నష్టం లేదు, అక్కడ దిగడమే సరైనది. "సువయ్" మధ్యలో ఉండి స్వేచ్ఛగా లేస్తుంది.

అయితే ముందు క్షమాపణ చెప్పాలి కదా అని అడిగాడు. థాయ్‌లో "ఖో థోత్" అంటారు. "ఖో" అంటే కోరుతున్నాను, లేచే శ్రుతి. "థోత్" మన "దోషం", ద పోయి థ అయింది, దిగే శ్రుతి. అమ్మ పిలిస్తే వినపడని "ఆఁ?", వెంటనే అర్థమైన "ఆఁ". ఆ రెండూ ఆ వరసలో పలికితే అదే క్షమాపణ. ముందు దాన్ని వందసార్లు అనమన్నాను.