ప్రాంప్ట్ మార్చాం, వివరణ బాగుపడిందా? అపోహలు - వాస్తవాలు

ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకి ఏఐతో వివరణలు రాయించడం మా పని. నెల్లూరులో కూర్చుని ఏఐకి ఇచ్చే సూచనల్లో, అంటే ప్రాంప్ట్‌లో, ఒక్క వాక్యం మార్చినా, పాతదే నయమని ఒకరు, కొత్తదే నయమని ఇంకొకరు. ఆ వాదన తెగాలంటే గీటురాయి కావాలి. కొన్ని మంచి లిస్టింగ్‌లను ఏరి పెట్టుకున్న గోల్డ్ సెట్టే అది.

అపోహ: బాగా అమ్ముడుపోయినవి ఏరితే చాలు.

వాస్తవం: సరుకు ధర వల్లో, ఫొటో వల్లో కూడా అమ్ముడుపోతుంది. వివరణలో ప్రతి మాటా సరుకుతో సరిపోయిందా, కొనేవాళ్లు అడిగేవాటికి జవాబు ఉందా అన్నదే చూడాలి. తయారుచేసేవాళ్ల చేత ఒకసారి చదివించండి, తప్పులు వాళ్లకి ఇట్టే దొరుకుతాయి.

అపోహ: ఏఐ రాసింది గోల్డ్ వివరణతో ఎన్ని మాటల్లో కలిస్తే అంత మంచిది.

వాస్తవం: అందరూ పడే గోతి ఇదే. ఉదాహరణకి ఒక గరిటె తీసుకుందాం. అమ్మేవాళ్లు ఇచ్చిన వివరాలు: పొడవు 30 సెం.మీ., చేత్తో చెక్కింది, నాన్‌స్టిక్ గిన్నెలకి పనికొస్తుంది. చెక్క రకం గడి ఖాళీ. గోల్డ్ వివరణ ఇలా ఉంది: "చేత్తో చెక్కిన 30 సెం.మీ. పొడవు గరిటె, నాన్‌స్టిక్ గిన్నెలకి అనువైనది." పాత ప్రాంప్ట్ "చేత్తో చెక్కిన 30 సెం.మీ. పొడవు టేకు గరిటె, నాన్‌స్టిక్ గిన్నెలకి, మైక్రోవేవ్‌కి అనువైనది" అని రాసింది. కొత్తది "ఒక అడుగుకి కాస్త తక్కువ పొడవు, చేతిపని గరిటె. నాన్‌స్టిక్ పూత గీసుకుపోదు" అంది. మాటలు లెక్కపెడితే పాతదే గెలుస్తుంది. కానీ టేకు, మైక్రోవేవ్ రెండూ దాని సొంత కల్పన. టేకు అనుకుని కొన్నవాళ్లు సరుకు తిప్పి పంపితే ఆ ఖర్చు ఎవరిది?

అందుకే ఒక్కో లిస్టింగ్ పక్కన తప్పక ఉండాల్సినవి, అస్సలు ఉండకూడనివి రాసిపెట్టుకోవాలి. ఈ గరిటెకి పొడవు, చేతిపని ఉండాలి, చెక్క పేరు ఉండకూడదు. ఇలా ఏదో ఒక గడి ఖాళీగా ఉన్నవాటిని కావాలనే నాలుగైదు చేర్చండి. ప్రాంప్ట్ బండారం బయటపడేది వాటి దగ్గరే.

అపోహ: వందల్లో లేకపోతే సెట్టు పనికిరాదు.

వాస్తవం: పాతికలోపు ఉన్నా పెద్ద తేడా తెలుస్తుంది. ఒక్కో లిస్టింగ్‌కి పాత, కొత్త ప్రాంప్ట్‌లు రాసిన రెండు వివరణల్నీ, ఏది ఎవరిదో చెప్పకుండా, వరస కలిపేసి ఒకరికి చూపించి, మంచిది ఎంచమనండి. 24 లిస్టింగ్‌లలో 13-11 వస్తే తేల్చలేం, బొమ్మా బొరుసూ వేసినా అలా రావొచ్చు. కొత్తదానికి 18, పాతదానికి 6 వస్తే మాత్రం కొత్తదానికి మారొచ్చు. చిన్న తేడాలు పట్టుకోవాలంటే సెట్టు పెంచక తప్పదు.

అపోహ: గోల్డ్ లిస్టింగ్‌లనే ప్రాంప్ట్‌లో నమూనాలుగా పెడితే ఇంకా బాగా రాస్తుంది.

వాస్తవం: రాస్తుంది, ఆ నమూనాల మీద. పరీక్ష పేపరు ముందే ఇచ్చి మార్కులు వేసినట్టు. ప్రాంప్ట్‌లోకి ఒక లిస్టింగ్ వెళ్తే సెట్టులోంచి దాన్ని తీసేసి, అదే రకం సరుకుది ఇంకొకటి చేర్చండి.