గ్రహణం మొర్రి: భయం ఒకటే, కత్తి మాత్రం తలోవైపు

గ్రహణ సమయంలో గర్భిణి కత్తి, కత్తెర ముట్టుకోకూడదంటారు మన పెద్దలు. కూరగాయలు తరగకూడదు, బట్ట చింపకూడదు, సూదిలో దారం ఎక్కించకూడదు. కదలకుండా వెల్లకిలా పడుకోవాలి. మాట వినకపోతే పుట్టే బిడ్డకు పెదవి చీలి ఉంటుందని భయం. ఆ చీలికకు తెలుగులో స్థిరపడిన పేరే గ్రహణం మొర్రి.

ఇదే భయం మెక్సికోలోనూ ఉంది. 16వ శతాబ్దంలో బెర్నార్డినో దె సహగున్ అనే స్పానిష్ మతగురువు అక్కడి నహువా జాతి పెద్దలను కూర్చోబెట్టి వాళ్ల నమ్మకాలను వాళ్ల భాషలోనే రాయించాడు. చంద్రగ్రహణం పడితే గర్భిణులు హడలిపోయేవారని, బిడ్డ పెదవి లేకుండానో ముక్కు లేకుండానో పుడుతుందని భయపడేవారని అందులో ఉంది. అందుకు వాళ్లు చేసింది చూడండి. అబ్సిడియన్ ముక్కను నోట్లోనో ఒంటి మీదో పెట్టుకునేవారు. అగ్నిపర్వతాల దగ్గర దొరికే ఈ నల్లటి గాజురాయితోనే వాళ్లు కత్తులు చేసుకునేవారు. ఇప్పటికీ మెక్సికో మూలాలున్న కుటుంబాల్లో కొందరు గర్భిణులు గ్రహణం రోజున పొట్ట దగ్గర బట్టకు పిన్నీసు పెట్టుకుంటారు, లేదా నడుముకు తాళంచెవి కట్టుకుంటారు.

మనవాళ్లు పదునైనదాన్ని దూరం పెట్టమన్నారు. వాళ్లు ఒంటికి తగిలించుకోమన్నారు. కొలంబస్ కంటే ముందు ఈ రెండు ప్రాంతాల మధ్య రాకపోకలు జరిగినట్టు ఆధారాలు లేవు. అయినా ఇద్దరూ ఒకే పెదవి గురించి భయపడ్డారు.

ఎందుకంటే రెండు చోట్లా గ్రహణం అంటే ఏదో వచ్చి కొరికేయడమే. మన పురాణంలో అమృతం తాగబోయిన స్వర్భానుడి తల తెగి రాహువయ్యాడు, ఆ తల సూర్యచంద్రులను మింగుతుంది. మెక్సికో ప్రాంతంలోనే ఉండే మరో జాతి, మాయా ప్రజల మాటల్లోనూ గ్రహణమంటే సూర్యుణ్ణో చంద్రుణ్ణో ఏదో తినడమే. పైన నిండు బింబం అంచున ముక్క పోయి కనబడుతుంది, కింద పసిబిడ్డ పై పెదవిలో ముక్క పోయి కనబడుతుంది. ఆకారం కలిసింది కాబట్టి కారణమూ కలిసిందనుకున్నారు. మన దగ్గర కథలోనే కోత ఉంది కాబట్టి కోయడమే ప్రమాదమైందేమో. అక్కడ కొరికే జీవిని తరిమే ఆయుధం కావాల్సి వచ్చిందేమో. ఇది నా ఊహ, అంతకు మించి పట్టుబట్టను.

ఇదంతా గ్రహణాల లెక్క తెలియని కాలపు భయం అనుకుంటే పొరపాటే. క్రీ.శ. 499లోనే ఆర్యభటుడు గ్రహణాన్ని నీడల లెక్కగా చెప్పాడు. తర్వాతి శతాబ్దంలో వరాహమిహిరుడు గ్రహణానికి రాహువు కారణం కాదని బృహత్సంహితలో తేల్చేశాడు. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో ఉన్న మాయా ప్రజల పాత గ్రంథంలో 405 చాంద్రమాసాలకు, అంటే దాదాపు 33 ఏళ్లకు సరిపడే గ్రహణ పట్టిక ఉంది. లెక్క వచ్చాక కూడా భయం పోలేదు. మన పంచాంగం నేటికీ స్పర్శకాలం, మోక్షకాలం నిమిషాలతో సహా వేసి, ఆ పక్కనే గర్భిణులకు జాగ్రత్తలు రాస్తుంది.

నమ్మేవాళ్లు దీన్ని రెండు రకాలుగా సమర్థిస్తారు. కొందరు గ్రహణ కిరణాలు హానికరం అంటారు. ఈ వాదన నిలబడదు. చంద్రగ్రహణంలో చంద్రుడి మీద పడే వెలుగే తగ్గిపోతుంది, కొత్త కిరణమేదీ పుట్టదు. సూర్యగ్రహణంలో అసలు ప్రమాదం కంటికి. రక్షణ లేకుండా చూస్తే రెటీనా కాలుతుంది, అది గర్భిణికైనా మరొకరికైనా ఒకటే. రెండో రకం వాళ్లు సైన్సు జోలికే పోరు. ఇది పెద్దలు పెట్టిన నియమం, ఆ కాసేపు జపం చేసుకుంటే మనసుకు ధైర్యం, తొమ్మిది నెలల టెన్షన్‌లో మన చేతిలో ఉన్న పని ఇదొక్కటే అంటారు. మెక్సికోలో పదునైనదాన్ని ఒంటికి తగిలించుకుంటారు కదా అంటే, రక్షణ ఒక్కో జాతికి ఒక్కో తీరున దొరికిందని జవాబిస్తారు. నాకు ఈ రెండో మాటలోనే నిజాయితీ కనిపిస్తుంది.

నమ్మనివాళ్లు మొదట అడిగేది పెదవి ఎప్పుడు తయారవుతుందని. పిండం ముఖం కొన్ని వేరువేరు భాగాలుగా మొదలై మధ్యకు వచ్చి అతుక్కుంటుంది. పై పెదవి గర్భం నిలిచిన నాలుగు నుంచి ఏడు వారాల మధ్య కలుస్తుంది. అంటే మొర్రి తెగిన పెదవి కాదు, కలవాల్సిన చోట కలవని పెదవి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. 2025 జనవరి 1న చివరి నెలసరి వచ్చిన ఒక గర్భిణిని ఊహించుకోండి. జనవరి 15 ప్రాంతంలో గర్భం నిలిచిందనుకుంటే, బిడ్డ పెదవి ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మొదటి వారం మధ్య అతుక్కుంటుంది. ఆ రోజుల్లో గ్రహణమే లేదు. మార్చి 14 చంద్రగ్రహణం, మార్చి 29 సూర్యగ్రహణం ఆ తర్వాత వచ్చాయి, పైగా రెండూ భారత్‌లో కనబడలేదు. మన దగ్గర కనబడింది సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. అప్పటికి ఆమెకు ఎనిమిది నెలలు దాటాయి. ఇంట్లో అందరూ ఆమె చేతిలో కత్తి లేకుండా చూసింది ఆ రాత్రే. పెదవి సంగతి ఆరు నెలల ముందే తేలిపోయింది.

మరి మొర్రితో బిడ్డ పుట్టిన ప్రతి ఇంట్లో ఒక గ్రహణం ఎలా గుర్తొస్తుంది? గ్రహణాల రుతువు సుమారు 173 రోజులకోసారి వస్తుంది. నెల రోజులకు పైగా ఉండే ఆ రుతువులో ప్రపంచంలో ఎక్కడో ఒకచోట గ్రహణం పడి తీరుతుంది. గర్భం సుమారు 280 రోజులు. కాబట్టి గ్రహణం తగలని గర్భం ఉండదు, వెతికితే దొరుకుతుంది. అంగిలి చీలికనూ కలిపితే ప్రపంచంలో దాదాపు 700 మందిలో ఒకరు ఇలా పుడతారు. మిగతా 699 మంది బాగానే పుడతారు కాబట్టి కత్తి దాచిన ఇంట్లోనూ, పిన్నీసు పెట్టుకున్న ఇంట్లోనూ ఆచారం ఫలించినట్టే ఉంటుంది. ఆ ఒక్కరు పుట్టిన ఇంట్లోనే ‘ఆ రోజు ఏం తరిగావు?’ అన్న ప్రశ్న వస్తుంది. దానికి సమాధానం చెప్పుకోవాల్సింది తల్లి. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఈ ప్రశ్న అన్యాయం.

ఉపవాసం విషయంలో మాత్రం నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ రాజీకి రావచ్చు. చంద్రగ్రహణానికి తొమ్మిది గంటల ముందు నుంచే భోజనం మానాలని ఆచారం. ఆ సెప్టెంబర్ రాత్రి గ్రహణం వదిలేసరికి ఒంటిగంటన్నర కావొచ్చింది, అంటే మొత్తం పన్నెండు గంటలు దాటింది. నెలలు నిండుతున్న మనిషిని, అందులోనూ షుగర్ ఉన్న మనిషిని అంతసేపు తిండీ నీళ్లూ లేకుండా ఉంచడం ప్రమాదం. పిల్లలకు, వృద్ధులకు, రోగులకు ఆచారంలోనే సడలింపు ఉంది. గర్భిణికీ అదే వర్తింపజేస్తే అడ్డు చెప్పే పురోహితులు తక్కువే ఉంటారు.

ఇక మొర్రికి డాక్టర్లు చెప్పే కారణాలు వేరు. వంశపారంపర్యం, పొగ తాగడం, గర్భానికి ముందు నుంచే ఉన్న షుగర్, తొలి నెలల్లో వాడే కొన్ని మూర్ఛ మందులు ముప్పును పెంచుతాయి. చాలామంది బిడ్డల్లో మాత్రం ఇదీ అని ఒక్క కారణం దొరకదు. మూర్ఛకు మాత్రలు వాడే అమ్మాయి పిల్లల్ని కనాలనుకుంటే ఆ ఆలోచన వచ్చినప్పుడే డాక్టర్‌తో మాట్లాడాలి, మందు తనంతట తాను మానకూడదు. నెల తప్పిందని ఇంట్లో తెలిసి, పరీక్ష చేయించుకునేసరికి పెదవి కలిసే వారాలు చాలావరకు గడిచిపోవచ్చు.