భర్త ఊళ్లో పడిన కేసు భార్య ఊరికి ఎలా వస్తుంది?

పెళ్లి అమ్మాయి వాళ్ల ఊళ్లో జరుగుతుంది. కాపురం భర్త ఉద్యోగం చేసే ఊళ్లో పెడతారు. గొడవలై ఆమె పుట్టింటికి వచ్చేశాక, కొన్ని నెలలకు పోస్టులో సమన్లు వస్తాయి. పుణె ఫ్యామిలీ కోర్టులోనో బెంగళూరు ఫ్యామిలీ కోర్టులోనో విడాకుల పిటిషన్ పడింది, ఫలానా తేదీన హాజరు కావాలని అందులో ఉంటుంది. ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అంత దూరం ఎవరు తీసుకెళ్తారు, ఎక్కడ దిగాలి, పిల్లని ఎవరి దగ్గర వదలాలి?

అక్కడ కేసు వేయడం చట్టప్రకారం తప్పేమీ కాదు. పెళ్లి జరిగిన చోట, అవతలి పక్షం ఉంటున్న చోట, ఇద్దరూ చివరిసారి కలిసి కాపురం చేసిన చోట పిటిషన్ వేయవచ్చని హిందూ వివాహ చట్టం సెక్షన్ 19 చెబుతుంది. భర్త సాధారణంగా మూడోదాన్ని ఎంచుకుంటాడు. 2003లో పార్లమెంటు ఈ సెక్షన్‌కు ఒక సవరణ చేసింది. దానివల్ల భార్య తాను ప్రస్తుతం ఉంటున్న ఊళ్లోనే పిటిషన్ వేయగలుగుతోంది. అయితే పిటిషన్ ఆమె వేసినప్పుడే ఆ వెసులుబాటు. భర్త ముందుగా తన ఊళ్లో వేస్తే ఆ సవరణ ఆమెకు పనికిరాదు. అప్పుడు మిగిలేది ఆ కేసును తన ఊరి కోర్టుకు మార్చమని అడిగే బదిలీ పిటిషనే.

ఈ బదిలీ అధికారం సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. ఒకే హైకోర్టు కింద ఉన్న కోర్టుల మధ్య అయితే సెక్షన్ 24, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అయితే సెక్షన్ 25. రెండో దానికి కొంత చరిత్ర ఉంది. 1908 నాటి కోడ్‌లో సెక్షన్ 25 అధికారం కోర్టుది కాదు, రాష్ట్ర ప్రభుత్వానిది. అదీ చాలా ఇరుకైన సందర్భానికే వర్తించేది. 1976 సవరణతో దాన్ని పూర్తిగా మార్చి, ఏ రాష్ట్రంలోని సివిల్ కేసునైనా మరో రాష్ట్రానికి పంపే అధికారం సుప్రీంకోర్టుకు ఇచ్చారు. అందుకు పెట్టిన షరతు ఒక్కటే: న్యాయం జరగడానికి ఆ బదిలీ అవసరమని కోర్టుకు అనిపించాలి. భార్య అనే మాటగానీ దూరం, పిల్లలు అనే మాటలుగానీ ఆ సెక్షన్‌లో ఎక్కడా లేవు. ఇవాళ కోర్టులు ఒప్పుకునే కారణాలన్నీ తర్వాత తీర్పుల్లోంచి పుట్టినవే.

కొత్త సెక్షన్ వచ్చిన కొద్దికాలానికే, అసలిది పెళ్లి కేసులకు వర్తిస్తుందా అన్న పేచీ వచ్చింది. దాన్ని తేల్చింది మన ఏలూరు నుంచి వెళ్లిన కేసే. భర్త నుంచి పోషణ కోరుతూ ఒకావిడ, కోర్టు ఫీజు కట్టే స్తోమత లేదని చెప్పుకుని, ఏలూరులో దావా వేశారు. భర్త రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లా కోర్టులో విడాకులకు వేశాడు. దాన్ని ఏలూరుకు మార్చమని ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. హిందూ వివాహ చట్టంలోనే బదిలీకి సెక్షన్ 21ఎ ఉంది కాబట్టి ఆ చట్టం బయటి అధికారం వాడకూడదని భర్త తరఫు వాదన. సుప్రీంకోర్టు 1981లో దాన్ని తోసిపుచ్చింది. భార్యాభర్తలిద్దరూ వేర్వేరు కోర్టుల్లో విడాకులకో న్యాయపరమైన ఎడబాటుకో వేసినప్పుడు రెండింటినీ ఒకచోట చేర్చడానికే 21ఎ ఉందనీ, అంతమాత్రాన సెక్షన్ 25 మూతపడిపోదనీ చెప్పింది. కోర్టు ఫీజే కట్టలేని మనిషి ఉదయ్‌పూర్ దాకా తిరిగి కేసు నడుపుకోవాలనడం ఎంత అన్యాయమో ఆలోచిస్తే, ఆ తీర్పు ఎంతమందికి దారి తెరిచిందో అర్థమవుతుంది.

తర్వాతి ఇరవై ఏళ్లలో కోర్టు మెల్లగా భార్య వైపు మొగ్గింది. 2000 ప్రాంతంలో వచ్చిన ఒక ఉత్తర్వులో భార్యకు 22 ఏళ్లు, సొంత ఆదాయం లేదు, ఢిల్లీ నుంచి బొంబాయికి తిప్పే స్తోమత తల్లిదండ్రులకు లేదు, అక్కడ ఉండటానికి తెలిసినవాళ్లూ లేరు. కేసు ఢిల్లీకి వచ్చింది. 2001లో మరో కేసులో భార్య ఢిల్లీ నుంచి బీహార్‌లోని ఆరాకు సుమారు 1,100 కిలోమీటర్లు వెళ్లాలి. కేసు వేసింది భర్త కాబట్టి భార్య సౌకర్యమే చూడాలని కోర్టు అంది. ఇవాళ్టికీ బదిలీ పిటిషన్లలో లాయర్లు ఎక్కువగా ఎత్తిచూపే మాట ఇదే.

ఆ మొగ్గు చూసి పిటిషన్లు విపరీతంగా పెరిగాయి. 2005లో సుప్రీంకోర్టు బాహాటంగానే విసుక్కుంది. కొత్త పిటిషన్లను విచారణకు తీసుకోవాలా వద్దా అని చూసే అడ్మిషన్ రోజున ఒక్కో బెంచి ముందు సగటున 10 నుంచి 15 బదిలీ పిటిషన్లు ఉంటున్నాయనీ, తాము చూపిన ఉదారతను మహిళలు దుర్వినియోగం చేస్తున్నారనీ, ఇకమీదట దేని బాగోగులు దానికే చూస్తామనీ చెప్పింది. మహిళలందరినీ ఒకే గాటన కట్టిన ఆ మాట నాకు నచ్చదు. కానీ ఆ పిటిషన్ ఎందుకు ఓడిపోయిందో మాత్రం జాగ్రత్తగా చదవాలి. బిడ్డను చూసుకునేవాళ్లు లేరని ఆమె రాశారు. బిడ్డకు ఆరేళ్లు, ఇంట్లో తాతా అమ్మమ్మల్లాంటి పెద్దవాళ్లు ఉన్నారు. ఆదాయం లేదన్నారు. ఆమెకూ తోడు వచ్చేవారికీ ప్రతిసారీ ప్రయాణం, బస ఖర్చులు భరిస్తానని భర్త ఒప్పుకున్నాడు. ఆరోగ్యం బాగోలేదన్నారు. జబ్బేమిటో, ఏ వైద్యం జరుగుతోందో ఒక్క వివరమూ ఇవ్వలేదు. కుదరని తేదీన హాజరు మినహాయింపు అడుక్కోవచ్చని చెప్పి కోర్టు పిటిషన్ కొట్టేసింది. ఆవిడ చెప్పిన మూడూ కోర్టులు మామూలుగా ఒప్పుకునే కారణాలే. వాటి వెనక వివరం లేకపోవడమే దెబ్బతీసింది.

2017లో కథ ఇంకో మలుపు తిరిగింది. జబల్‌పూర్ నుంచి హైదరాబాద్‌కు కేసు మార్చమన్న ఒక పిటిషన్‌లో, అసలు బదిలీలే ఎందుకు, వీడియో కాన్ఫరెన్స్ పెట్టవచ్చుగా అని సుప్రీంకోర్టు మార్చిలో ఆదేశాలిచ్చింది. అదే ఏడాది అక్టోబరు 9న ముగ్గురు జడ్జీల బెంచి 2:1 మెజారిటీతో వాటిని పక్కనపెట్టింది. ఫ్యామిలీ కోర్టు మొదటి పని రాజీకి ప్రయత్నించడం, అది ముఖాముఖి జరగాలి, విచారణ గోప్యంగా ఉండాలన్నది మెజారిటీ వాదన. రాజీ కుదరదని తేలాక, ఇద్దరూ ఒప్పుకుంటేనే వీడియో ద్వారా విచారణ జరపవచ్చని చెప్పింది. జస్టిస్ చంద్రచూడ్ విభేదించారు. కోవిడ్ కాలంలో కోర్టులన్నీ తెరల మీదే నడిచాయి కాబట్టి వీడియో చాలదా అన్న వాదన ఇప్పుడు భర్తల వైపు నుంచి మళ్లీ గట్టిగా వినిపిస్తోంది.

2022లో వెల్లూరు నుంచి చెన్నైకి బదిలీ కోరిన కేసులో సుప్రీంకోర్టు కొలబద్దను ఇంకాస్త విడమరిచింది. ఇద్దరి ఆర్థిక స్థితి, సామాజిక స్థాయి, పెళ్లికి ముందూ తర్వాతా వాళ్ల జీవన ప్రమాణం, ఎవరి అండన బతుకుతున్నారు అనేవి చూడాలి, మన సమాజపు పరిస్థితుల్లో సాధారణంగా భార్య సౌకర్యానికే ప్రాధాన్యం అని చెప్పింది. మద్రాస్ హైకోర్టు కాదన్న బదిలీని ఒప్పుకుంది.

తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. హైకోర్టు తన కింది కోర్టు కేసును మరో రాష్ట్రానికి పంపలేదని, అది సుప్రీంకోర్టు పనేనని 2008లో తేలిపోయింది. 2014లో రాష్ట్రం విడిపోయినా 2018 చివరి దాకా రెండు రాష్ట్రాలకూ ఒకే హైకోర్టు ఉండేది. 2019 జనవరి 1 నుంచి రెండయ్యాయి. అంటే ఎల్బీనగర్ కోర్టులోని కేసును విజయవాడకు తెచ్చుకోవాలన్నా ఇప్పుడు ఢిల్లీ మెట్లెక్కాలి. అదే విశాఖ నుంచి తిరుపతికైతే దూరం ఎక్కువైనా అమరావతిలోని హైకోర్టు చాలు.

ఇక పిటిషన్‌లో ఏం రాయాలి? రాజమండ్రిలో పుట్టింట ఉంటున్న ఒకమ్మాయిని అనుకుందాం. కేసు పుణెలో, ఒళ్లో నాలుగేళ్ల పాప, తండ్రికి గుండె ఆపరేషన్ అయింది. ‘చాలా దూరం, వెళ్లలేను’ అని రాస్తే అది 2005 నాటి పిటిషనే. అలాకాకుండా, వెళ్లడానికి దాదాపు ఒక రోజు, కోర్టులో ఒక రోజు, రావడానికి ఇంకో రోజు, అంటే ఒక్క వాయిదాకు మూడు రోజులు అని రాయాలి. పాప స్కూలు సర్టిఫికెట్, తండ్రి డిశ్చార్జి సమ్మరీ, ఇంట్లో తోడు రాగల మగదిక్కు ఎవరున్నారో లేరో చెప్పే అఫిడవిట్ జతచేయాలి. ఆమె రాజమండ్రిలోనే ఉంటోందని చూపే కాగితం తప్పనిసరి. అన్నిటికంటే బరువైనది మరొకటి: ఆమె వేసిన మనోవర్తి కేసో గృహహింస కేసో అప్పటికే రాజమండ్రిలో నడుస్తుండటం. ఆ కేసులు ఆమె ఉంటున్న చోటే వేయవచ్చు. భర్త వాటికి ఎలాగూ రాజమండ్రి రావాలి కాబట్టి, రెండూ ఒకే ఊళ్లో ఉంటే ఇద్దరికీ తిరుగుడు తగ్గుతుందన్న వాదన జడ్జిని సులువుగా ఒప్పిస్తుంది. అవతలి ఊళ్లో బెదిరించారంటే పోలీసు ఫిర్యాదు కాపీ ఉండాలి. ఉత్త ఆరోపణ నిలబడదు.

వీగిపోయే సందర్భాలూ ఉన్నాయి. సాక్ష్యాలన్నీ అయిపోయి వాదనల దశకు వచ్చాక అడిగితే, ఇన్నాళ్లూ ఎలా వచ్చావని అడుగుతారు. ఆమె ఉద్యోగరీత్యా అదే నగరానికి తరచూ వెళ్లివస్తున్నట్టు భర్త చూపించినా, తానే మంచం పట్టి ఉన్నాడని మెడికల్ రికార్డు పెట్టినా తూకం మారుతుంది. పసలేని పిటిషన్ అనుకుంటే సెక్షన్ 25 కింద రూ.2,000 దాకా పరిహారం కట్టమనే అధికారం కూడా కోర్టుకు ఉంది.

సుప్రీంకోర్టులో ఈ పిటిషన్లను 2019 రూల్స్ సవరణ తర్వాత ఒక్క జడ్జే వినగలుగుతున్నారు. లాయరుతో వేయిస్తే, సుప్రీంకోర్టులో కేసులు దాఖలు చేసే అర్హత ఉన్న అడ్వొకేట్ ఆన్ రికార్డ్ ద్వారానే వేయించాలి. ఫీజు భారమైతే సుప్రీంకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీని అడగవచ్చు. 1987 చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. పిటిషన్ వేశాక భర్తకు నోటీసు వెళుతుంది, చాలాసార్లు ముందు మధ్యవర్తిత్వానికి పంపుతారు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. బదిలీ పిటిషన్ వేసినంత మాత్రాన కింది కోర్టులో కేసు ఆగదు. సుప్రీంకోర్టు స్టే ఇస్తేనే ఆగుతుంది. ఢిల్లీలో వేశాం కదా అని పుణె వాయిదా వదిలేస్తే అక్కడ ఆమె వాదన వినకుండానే తీర్పు, అంటే ఎక్స్‌పార్టీ డిక్రీ, పడిపోవచ్చు. అందుకే అక్కడ ఒక లాయరుతో వకాలత్ వేయించి, బదిలీ పిటిషన్ నంబరుతో మెమో దాఖలు చేసి గడువు అడగాలి. స్టే వస్తే ఆ కాపీని అక్కడి కోర్టుకు చేర్చాలి. బదిలీ అయ్యాక కూడా కేసు సాధారణంగా ఆగిన దశ నుంచే సాగుతుంది. భర్త పిటిషన్‌కు జవాబుగా కౌంటరు వేయడానికి గడువు అప్పటికే దాటి ఉంటే, రాజమండ్రి జడ్జి ముందు మొదట అడగాల్సింది దాన్ని స్వీకరించమనే.