నెలకు 11 వేలు, పదిహేనేళ్లకు 48 లక్షల అప్పు

విశాఖలో ఒక రకం కుటుంబాలు చాలా కనిపిస్తాయి. ఆయన ఆటోనగర్‌లోనో, పోర్టు చుట్టుపక్కల ఏ ప్రైవేటు కంపెనీలోనో ముప్పై ఏళ్లు చేశాడు. ఉన్నదంతా పెట్టి గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఒక ఇల్లు కట్టాడు. ఆయన పోయాక ఆవిడకు మిగిలేది ఆ ఇల్లు, ఈపీఎఫ్ నుంచి వచ్చే చిన్న పింఛను. ఆ పింఛనుకు 2014లో కేంద్రం పెట్టిన కనీస మొత్తం నెలకు వెయ్యి రూపాయలు. ఇల్లు లక్షలు పలుకుతుంది, బీపీ మాత్రలకు మాత్రం కొడుకు ఫోన్‌పే చేయాలి.

ఈ చిక్కుకు పరిష్కారంగానే మన దేశంలోకి, ఇల్లు తనఖా పెట్టుకుని బ్యాంకే నెలనెలా డబ్బిచ్చే రివర్స్ మార్ట్‌గేజ్ వచ్చింది. 2007 బడ్జెట్ ప్రసంగంలో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం దీన్ని ప్రకటించారు. నేషనల్ హౌసింగ్ బ్యాంకు మార్గదర్శకాలు రాసింది. ఇలా వచ్చే డబ్బు ఆదాయమా, అప్పా అన్న అనుమానం మొదట్లోనే వచ్చింది. 2008లో ఆదాయపు పన్ను చట్టాన్ని సవరించి, ఇది అప్పే కాబట్టి దీనిపై పన్ను లేదని తేల్చారు.

మామూలు హోమ్ లోన్‌లో మనం నెలనెలా కట్టుకుంటూ పోతే అప్పు తరుగుతుంది. ఇక్కడ బ్యాంకే నెలనెలా ఇస్తుంది, అప్పు పెరుగుతుంది. ఇల్లు ఆవిడ పేరునే ఉంటుంది, ఆవిడ అందులోనే ఉంటుంది. ఆవిడ బతికి ఆ ఇంట్లో ఉన్నంతకాలం అసలూ కట్టనక్కర్లేదు, వడ్డీ కూడా కట్టనక్కర్లేదు. వినడానికి ఇంత హాయిగా ఉన్నా ఈ పథకం జనంలోకి పెద్దగా వెళ్లలేదు. ఎందుకో తెలియాలంటే ఒక లెక్క వేసి చూడాలి.

నాకు తెలిసిన ఒక పిన్నిగారి సంగతే తీసుకుంటాను, అంకెలు మాత్రం సులువుగా ఉండేలా సర్దాను. వయసు 68. కూర్మన్నపాలెంలో ఇల్లు ఆవిడ పేరునే కొన్నారు, బ్యాంకు వాల్యుయేషన్ 80 లక్షలు. ఈ వయసుకి అందులో 60 శాతం, అంటే వడ్డీతో కలిపి 48 లక్షల దాకా అప్పు పెరగనిస్తామని బ్యాంకు అంది అనుకుందాం. గడువు 15 ఏళ్లు, వడ్డీ పదిన్నర శాతం. అప్పుడు నెలకు చేతికొచ్చేది సుమారు 11 వేలు.

పిన్నిగారి కొడుకు బెంగళూరు నుంచి వచ్చి కాగితం మీద గుణించాడు. పదిహేనేళ్లలో అమ్మ అందుకునేది 20 లక్షల లోపే, బ్యాంకుకి రావలసింది 48 లక్షలు. "ఇదేంటండీ, సగానికి పైగా వడ్డీయేనా?" అన్నాడు నాతో. అవును, చక్రవడ్డీ అంటే అదే మరి. మొదట్లో ఇది తెలియదు. అయిదేళ్లప్పుడు ఆరున్నర లక్షలు తీసుకుంటే అప్పు తొమ్మిది లక్షల లోపే ఉంటుంది, పర్వాలేదనిపిస్తుంది. బరువంతా చివరి అయిదేళ్లలో పడుతుంది.

పదిహేనేళ్లు నిండాక ఆవిడకు 83. అక్కడితో నెలనెలా వచ్చే డబ్బు ఆగిపోతుంది. ఇంట్లో నుంచి ఎవరూ పొమ్మనరు కానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది, అప్పటికి అది నెలకు 42 వేలు. ఆవిడ 88 దాకా బతికితే అప్పు దాదాపు 81 లక్షలవుతుంది, అంటే ఇల్లు ఈరోజు పలికే ధర. మందుల ఖర్చు ఎక్కువయ్యే వయసులో రాబడి ఆగిపోవడమే ఈ పథకంలో అసలు లోపం. అందుకే 2009లో బ్యాంకు, జీవిత బీమా కంపెనీ కలిసి జీవితాంతం వాయిదాల్లో డబ్బు, అంటే యాన్యుటీ, ఇచ్చే రకం తెచ్చారు. 2013లో దాన్ని కూడా పన్ను నియమాల్లో చేర్చారు. అడిగి తెలుసుకోవలసింది అదే, కౌంటర్లో వాళ్లంతట వాళ్లు చెబుతారని నాకు నమ్మకం లేదు.

ఇక వారసుల సంగతి. ఇంటి ధరకు మించిన అప్పుని పిల్లల నుంచి వసూలు చేయకూడదని మార్గదర్శకాల్లో ఉంది. అప్పు తీర్చి ఇల్లు నిలబెట్టుకునే మొదటి హక్కు కూడా వాళ్లదే. లేదంటే ఇల్లు అమ్ముతారు, అప్పు పోగా మిగిలింది వారసులకు. కాబట్టి 'బ్యాంకు ఇల్లు మింగేస్తుంది' అన్న భయం పూర్తిగా నిజం కాదు. అసలు ఇబ్బంది వ్యవధితో. ఆ మార్గదర్శకాలు వారసులకు సూచించిన గడువు రెండు నెలల దాకా. పెద్దకర్మ, ఆ తర్వాత నెల మాసికం అయ్యేసరికే అందులో సగం పోతుంది. డెత్ సర్టిఫికెట్, తహసీల్దారు ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, కొనేవాడిని వెతకడం, అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకే ధరకు ఒప్పుకోవడం, అన్నీ మిగతా నెల రోజుల్లో కావాలి. తొందరలో అమ్మితే ఎంత తగ్గించి అడుగుతారో గాజువాకలో ఏ బ్రోకర్ని అడిగినా చెబుతాడు.

పదిహేనేళ్ల గడువు లోపలే అప్పు మీద పడే సందర్భాలు కూడా ఉన్నాయి. ఆవిడ వరసగా ఏడాది పాటు కొడుకు దగ్గరో, వృద్ధాశ్రమంలోనో ఉండిపోయినా, పై పోర్షన్ అద్దెకిచ్చినా, జీవీఎంసీ ఇంటి పన్ను కట్టకపోయినా, బీమా వదిలేసినా, రిపేర్లు చేయించకపోయినా బ్యాంకు లోన్ వెనక్కి అడగవచ్చు. రిపేర్లంటే విశాఖలో మామూలు మాట కాదు. ఉప్పుగాలికి శ్లాబు లోపలి ఊచలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, పెచ్చులు ఊడతాయి. పిన్నిగారి వంటింటి సీలింగ్‌లో గోధుమరంగు చార ఒకటి గోడ దాకా దిగి ఉంది. వాల్యుయర్ చేత్తో తట్టి చూసి, కట్టడానికి ఇంకా ఇరవై ఏళ్ల ఆయుష్షు ఉందని రాయడానికి చాలాసేపు వెనకాడాడు. అంత ఆయుష్షు ఉండాలన్నది ఈ లోన్‌కి ఒక షరతు.

చాలా దరఖాస్తులు అసలు టైటిల్ దగ్గరే ఆగిపోతాయి. ఇల్లు స్వార్జితమై ఉండాలి, పత్రాలు నికార్సుగా ఉండాలి. సింహాచలం దేవస్థానం పంచగ్రామాల భూముల్లో కట్టిన ఇళ్ల గొడవ ఊరందరికీ తెలిసిందే, అక్కడ ఏ లోనూ కష్టమే. ఇంకో చిక్కు ఇళ్లలోనే ఉంటుంది. ఇల్లు ఆయన పేరున ఉండి, వీలునామా రాయకుండా పోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ పిల్లలకీ సమాన వాటాలు. పిల్లలు హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేసిస్తే తప్ప ఆవిడ ఒక్కత్తే తనఖా పెట్టలేదు. ఆ సంతకం కోసం కొడుకు దగ్గర చెయ్యి చాచే బదులు నేరుగా డబ్బే అడగొచ్చు కదా అని ఊరుకున్న తల్లులున్నారు.

పిన్నిగారింట్లో టెన్షన్ వేరే చోట మొదలైంది. భర్త నుంచి విడిపోయి వచ్చిన కూతురు ఆవిడ దగ్గరే ఉంటోంది. "అమ్మ తర్వాత నేనెక్కడికి పోవాలండీ?" అని అడిగింది. జీవిత భాగస్వామికి 55 దాటితే లోన్‌లో కలుపుకుంటారు, ఆ మనిషి ఉన్నంతకాలం ఇంటి జోలికి రారు. కూతురికి ఆ వీలు లేదు. ఎన్నేళ్లు తల్లిని చూసుకున్నా, ఆ తల్లి పోయిన రోజు నుంచి ఆమెకు మిగిలేది అప్పు తీర్చడమో, ఇల్లు ఖాళీ చేయడమో.

"ఆ పదకొండు వేలూ నేనే పంపుతానమ్మా, ఇదంతా ఎందుకు?" అన్నాడు కొడుకు. "నువ్వు పంపుతావురా, రేపు నీకు ఉద్యోగం పోతే?" అంది పిన్నిగారు. చివరికి ముగ్గురూ కలిసి బ్యాంకుకి వెళ్లి 11 వేలకు బదులు నెలకు 6 వేలు చాలన్నారు. మిగతాది కొడుకు పంపుతాడు. అలాగైతే పదిహేనేళ్లకు అప్పు 26 లక్షల దగ్గర ఆగుతుంది. మధ్యలో చేతిలో డబ్బు ఉన్నప్పుడు కొంత కట్టేసినా జరిమానా ఉండదు. కూతురు అదే వారం ఆ 26 లక్షలకు తను హోమ్ లోన్ తీసుకోగలదా, నెలకు ఎంత కట్టాలి అని విడిగా కనుక్కుంది.